మూడో సెమిస్టరుకు విరామం కోరుతూ

పొద్దున లేచేసరికి వేళ్లు బిగుసుకుపోయి ఉండేవి. హాస్టల్ బాత్రూంలో బకెట్ పిడి పట్టుకోలేక మోచేతికి తగిలించుకుని మోసేదాన్ని. చూసినవాళ్లు నవ్వితే నేనూ నవ్వేదాన్ని. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ మూడో సెమిస్టరు అప్పుడే మొదలైంది. ల్యాబులో బ్యూరెట్ కింది మర తిప్పడానికి రెండు చేతులూ కావలసి వచ్చేది. నొప్పినైనా ఓర్చుకున్నాను గానీ అలసటను ఓర్చుకోలేకపోయాను. రాత్రంతా నిద్రపోయి లేచినా, అప్పుడే పొలంలో పని చేసి వచ్చినట్టు ఒళ్లు కూలిపోయేది. మెస్ దాకా నడిచి, తిండి తినకుండా గోడకు ఆనుకుని కూర్చుని వెనక్కి వచ్చిన రోజులున్నాయి.

కాళ్లు ఉబ్బాక హనుమకొండలో కిడ్నీ డాక్టరుకు చూపించుకున్నాం. కిడ్నీలోకి సూది దింపి బయాప్సీ తీశారు. లూపస్ అన్నారు. ఒంటిని కాపాడవలసిన శక్తే ఒంటి మీద దాడి చేస్తుందనీ, నా విషయంలో అది కిడ్నీల దాకా వచ్చిందనీ డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. స్టెరాయిడ్ మాత్రలు రోజూ వేసుకోవాలి. నెలకోసారి సెలైన్‌లో ఇంజెక్షన్, ఆరు నెలలు. ఎండలో తిరగొద్దు, జనంలో ఉండొద్దు, జ్వరం వస్తే క్షణం ఆగకుండా రావాలి.

"కాలేజీ?" అన్నాను.

"ఈ ఆర్నెల్లు కష్టమమ్మా. హాస్టల్‌లో అసలు వద్దు. ఏదన్నా ఇన్‌ఫెక్షన్ వస్తే తట్టుకోలేవు."

అయినా నేను కొన్నాళ్లు మొండికేసి వెళ్లాను. వెళ్లిన రోజుల కన్నా వెళ్లలేని రోజులే ఎక్కువయ్యాయి. మాత్రలకు నా ముఖం గుండ్రంగా ఉబ్బింది. పరకాల బస్సులో మా ఊరావిడ ఒకామె నన్ను చూసి, "హాస్టల్ బువ్వ మంచిగ పడ్డట్టుంది, ఒళ్లు చేసినవ్" అని మెచ్చుకుంది. ఆమెకు వివరించే ఓపిక లేక తల ఊపాను.

మా హెచ్‌ఓడీ మేడం ఒకరోజు నన్ను గదిలోకి పిలిచింది. ఆమె ముందు హాజరు పట్టిక ఉంది.

"ఇట్లనే పోతే అటెండెన్స్ సరిపోదు. కొంచెం తక్కువైతే మెడికల్ సర్టిఫికెట్ మీద మాఫీ అడగొచ్చు. నీది దానికి కూడా అందదు. డిటెయిన్ చేస్తరు, పరీక్ష రాయనియ్యరు," అన్నది. "దానికన్నా ఇప్పుడే రిజిస్ట్రార్‌కు లెటర్ పెట్టి బ్రేక్ తీసుకో. వచ్చే ఏడు ఇదే సెమిస్టర్ల మళ్ల చేరుతవ్."

"ఎట్ల రాయాలె మేడం?"

"ఉన్నదున్నట్టు రాయి. నా ద్వారా, ప్రిన్సిపాల్ ద్వారా పోతది."

ఆ మధ్యాహ్నం గదిలో కూర్చుని రాశాను. పెన్ను జారిపోతుంటే దానికి గుడ్డ చుట్టి పట్టుకున్నాను. రాస్తూ రాస్తూ అన్నీ వచ్చేశాయి. నేను చదువు ఎగ్గొట్టే పిల్లను కాననీ, మొదటి రెండు సెమిస్టర్లలో ఒక్క సబ్జెక్టూ పోలేదనీ, పొద్దున జడ వేసుకోవడానికి చేతులు లేవడం లేదనీ. చివర, చదువు డిస్‌కంటిన్యూ చేయడానికి అనుమతించమని వేడుకున్నాను.

మేడం అంతా చదివింది. మధ్యలో ఒకసారి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"ఇది నా దగ్గర ఉంచుకుంట," అన్నది. "రిజిస్ట్రార్‌కు ఇంత అక్కర్లేదు. ఏ కోర్సు, ఏ సెమిస్టర్, హాల్‌టికెట్ నంబర్, ఏం రోగం, డాక్టర్ ఎంత కాలం ఆగమన్నడు, మళ్ల ఎప్పుడు చేరుతవ్. గంతే. ఇంకోటి, డిస్‌కంటిన్యూ అని రాయకు. ఆ మాట రాస్తే మానేస్తున్నవనే అనుకుంటరు. బ్రేక్ ఆఫ్ స్టడీ అని రాయి. మళ్ల వస్తనని స్పష్టంగ రాయి."

రెండో ఉత్తరం ఒక పేజీలోనే అయిపోయింది. చదువుకుంటే అది ఇంకెవరి గురించో రాసినట్టుంది. వేడుకోలు లేదు, ఏడుపు లేదు. నాకు కొంచెం తేలికగా కూడా అనిపించింది.

ప్రైవేటు డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్ చాలదన్నారు. ప్రభుత్వ వైద్యుడి దగ్గర తీసుకుని జతచేయాలి. అమ్మా నేనూ వరంగల్‌లో పెద్ద దవాఖానకు వెళ్లాం. చీటీ లైను, డాక్టరు లైను, సంతకం లైను. కూర్చోవడానికి చోటు లేక అమ్మ తన కొంగు నేల మీద పరిచి నన్ను కూర్చోబెట్టింది. డాక్టరు బయాప్సీ రిపోర్టు తిప్పి తిప్పి చూసి, నా కాలి మీద వేలితో నొక్కి, పడిన గుంటను చూశాడు. ఏమీ అడగకుండా రాసిచ్చాడు. సూపరింటెండెంట్ మీటింగులో ఉన్నాడని ఆ రోజు ముద్ర పడలేదు. మళ్లీ వెళ్లాం.

ఆ తిరుగుడంతటిలో అమ్మ ఎక్కువగా మాట్లాడలేదు. నేను నా అలసటలో ఉండి ఆ మౌనం సంగతి పట్టించుకోలేదు.

మేడం, ప్రిన్సిపాల్ సంతకాలు పెట్టిన ఉత్తరం తీసుకుని యూనివర్సిటీ ఆఫీసుకు వెళ్లిన రోజున అమ్మ మనసులో మాట బయటపడింది. ఉత్తరం కింద తల్లిదండ్రుల సంతకం ఉండాలి. బాపు పత్తి ఏరిపిస్తున్నాడు, కూలోళ్లు దొరికిన రోజు విడిచి రాలేడు. అందుకని అమ్మ వచ్చింది. అకడమిక్ సెక్షన్‌లో ఒక సారు కాగితాలు చూస్తూ మామూలుగా అడిగాడు.

"బ్రేకేనా? లేకపోతే ఒరిజినల్స్ తీసుకుని పోతరా?"

"తీస్కపోతం సారూ. అన్నీ ఇయ్యిండ్రి," అంది అమ్మ.

నేను ఉలిక్కిపడ్డాను. సారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మీరిద్దరు మాట్లాడుకుని రాండ్రి" అని కాగితాలు పక్కన పెట్టాడు.

బయట వరండాలో చెక్క బెంచీ మీద కూర్చున్నాం. ఫీజు కట్టడానికి వచ్చిన పిల్లలు మా ముందు నుంచి నవ్వుకుంటూ పోతున్నారు.

"సదువు సదువు అనుకుంట పానం మీదికి తెచ్చుకున్నవ్ బిడ్డా," అంది అమ్మ. "నీ కిడ్నీల సూది దింపిన్నాడు నేను బయట నిలబడ్డ. ఇంక నాతోని కాదు. సర్టిఫికెట్లు పట్టుకపోదాం. ఇంటికాడుండు. పానం మంచిగైనంక అప్పుడు సూద్దాం."

"చదివితే వచ్చిన రోగం కాదమ్మా ఇది."

"ఏమో. మంచిగుండి పోతివి, గిట్ల వస్తివి."

"సర్టిఫికెట్లు తీసుకుంటే నా పేరు కొట్టేస్తరు. మళ్ల ఎంట్రన్స్ రాయాలె, మళ్ల మొదటి సెమిస్టర్ నుంచి రావాలె."

"వస్తే వస్తివి. ఏమైతది?"

"నాకు అంత ఓపిక లేదమ్మా."

నేను గట్టిగా అనలేదు. పోట్లాడే శక్తి కూడా లేదు నాలో. ఉన్నంత సత్తువతో రెండు సెమిస్టర్లు దాటాను, వాటిని మళ్లీ దాటలేను. నా పట్టుదల అంతా అదే. అమ్మ నా మొహంలోకి చూసింది, ఉబ్బిన ఆ మొహంలో పాత నన్ను వెతుకుతున్నట్టు. "పెద్ద సారును నేను ఒక మాట అడుగుత," అని లేచింది.

రిజిస్ట్రార్‌ను కలవడానికి మధ్యాహ్నం భోజనాల తర్వాత టైం ఇస్తారట. ఇంటి నుంచి తెచ్చిన పెరుగన్నం ఆ బెంచీ మీదే తిన్నాం. నేను అమ్మ ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోయాను. లేపి లోపలికి తీసుకుపోయేసరికి నా చెంప మీద ఆమె చీర మడతల అచ్చులు పడి ఉన్నాయి.

రిజిస్ట్రార్ సారు ఉత్తరం, సర్టిఫికెట్ చదివాడు. "చూస్తే మంచిగనే ఉన్నవు కదమ్మా" అనలేదు. అప్పటికి నేను ఆ మాటకే సిద్ధపడి ఉన్నాను. "కూర్చో," అన్నాడంతే.

అమ్మ కూర్చోలేదు. "సారూ, ఇప్పుడు బంద్ చేస్తే మల్ల తీసుకుంటరా? ఏడాది పోయినంక ఎవరు నువ్వు అంటే ఏం జెయ్యాలె?"

"అట్లనరమ్మా. ఆర్డర్ రాసిస్తం. మళ్ల వచ్చేటప్పుడు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తేవాలె, రీఅడ్మిషన్ ఫీజు కట్టాలె. జూనియర్ల బ్యాచ్‌తోని మూడో సెమిస్టర్ చదువుతది. పాసైన సబ్జెక్టులు ఎటూ పోవు."

"ఆర్నెల్లకు నయం గాకపోతే?"

ఆయన సర్టిఫికెట్ మళ్లీ చూశాడు. "రెండేండ్ల కోర్సు నాలుగేండ్ల లోపల పూర్తి చేయాలె. అంతవరకు టైం ఉన్నది. ఆ తర్వాత నేను మాట ఇయ్యలేను."

మాట ఇయ్యలేనన్న ఆ ముక్కే అమ్మను నమ్మించిందని తర్వాత ఎప్పుడో చెప్పింది. అన్నీ అయితయి అంటే నమ్మకపోదునని. అక్కడే, ఆ బల్ల అంచున ఉత్తరం పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని సంతకం చేసింది. రిజిస్ట్రార్ ఉత్తరం అంచున ఏదో రాసి సెక్షన్‌కు పంపాడు.

ఆర్డర్ చేతికి రావడానికి ఇంకో వారం పట్టింది. ఈలోగా హాస్టల్ ఖాళీ చేసి, లైబ్రరీలో, ల్యాబులో బాకీ లేదని సంతకాలు తీసుకోవలసి వచ్చింది. ల్యాబు మెట్లు ఎక్కలేక కింద కూర్చుంటే నా గదిమేటు పైకి వెళ్లి సంతకం పెట్టించుకొచ్చింది. ట్రంకు పెట్టె ఆటోలో ఎక్కించేటప్పుడు ఆమె, "పరీక్షలు కాంగనే వస్త మీ ఇంటికి," అన్నది. వచ్చింది కూడా. కానీ నేను లేచి కూర్చుని మాట్లాడలేకపోయాను. నా మంచం పక్కన కూర్చుని అమ్మతోనే ఎక్కువ మాట్లాడి వెళ్లింది.

ఇంటి దగ్గర గడిచిన ఆ నెలల గురించి చెప్పుకోదగ్గది ఏమీ లేదు. ఇంజెక్షన్ రోజు, తర్వాత వాంతులు, తర్వాత నిద్ర. జుట్టు రాలింది. పుస్తకాలు దిండు పక్కనే ఉన్నా తెరిచింది తక్కువ. విశ్రాంతి అంటే హాయిగా ఉంటుందని అనుకునేదాన్ని. అదీ ఒక చాకిరే అని అప్పుడు తెలిసింది. చివరి ఇంజెక్షన్ తర్వాత పరీక్షల్లో కిడ్నీలు కుదుటపడ్డాయన్నారు. రోగం పోలేదు, తగ్గి కూర్చుంది, మాత్రలు ఆపొద్దు అన్నారు.

మరుసటి ఏడు ఆర్డర్ కాపీ, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ జతచేసి మళ్లీ చేర్చుకోమని ఉత్తరం ఇచ్చాను. చేర్చుకున్నారు. సిలబస్‌లో ఒక పేపరు మారింది, అది కొత్తగా చదువుకోవాలన్నారు. సరేనన్నాను. నా బ్యాచ్ వాళ్లు అప్పటికే వెళ్లిపోయారు. తర్వాత నేనూ పాసయ్యాను, పెద్ద మార్కులేమీ కాదు. ఇప్పుడు హసన్‌పర్తిలో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను, కూర్చునే చెబుతాను.

కానీ తిరిగి చేరిన మొదటి రోజు మాత్రం సంతోషం కలిగిందని చెప్పలేను. తెలియని మొహాల మధ్య మూడు క్లాసులు, ఒక ల్యాబు. అందరూ అక్కా అక్కా అని దూరంగా జరిగి చోటిచ్చారు. సాయంత్రం గదికి వచ్చి చెప్పులు విప్పకుండానే మంచం మీద వాలాను. కొత్త గదిమేటు తలుపు దగ్గర తటపటాయిస్తూ, "లైట్ బంద్ చెయ్యాల్నా అక్కా?" అని అడిగింది.

"వద్దు, ఉండనీ. జర సేపైనంక లేచి చదువుకుంట," అన్నాను.

లేవలేదు. తెల్లారి లేచేసరికి లైటు ఆరి ఉంది, నా చెప్పులు ఎవరో విప్పి మంచం కింద పెట్టారు.