గౌరవంగా తిట్టిన ఉత్తరం

తెల్లవాళ్ల పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చిన మరుసటి ఏడు నేను గుంటూరు నుంచి డర్బన్ వెళ్లి, ఆ ఊరి ఫీనిక్స్ పేటలో ఒక హైస్కూల్లో లెక్కల టీచరుగా చేరాను. ఏడాది కాంట్రాక్టు. దాన్ని పొడిగిస్తే మా ఆయనా, ఐదేళ్ల పాపా వచ్చేస్తారు. లేకపోతే నేనే పెట్టె సర్దుకోవాలి. ఆ ఏడాదంతా నా ప్రాణం ఆ ఒక్క కాగితం మీదే ఉంది.

సిడెన్‌హామ్‌లో ఒక పెద్దావిడ ఇంటి వెనక గదిలో అద్దెకుండేదాన్ని. ఆవిడ ముత్తాత చెరకు తోటల్లో పనికని విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడట. ఆవిడ ముప్పై ఏళ్లు లాయర్ల ఆఫీసులో టైపిస్టు. తెలుగు కొంచెమే మిగిలింది గానీ తిట్లూ వంటలూ చెక్కుచెదరలేదు. నేను పెద్దమ్మా అనేదాన్ని, ఆవిడ నన్ను పిల్లా అనేది. ఆ వంటింట్లో ఉడికే బీన్స్ కూర వాసన తలచుకుంటే నాకిప్పటికీ ఆకలేస్తుంది.

నవంబరులో ప్రిన్సిపాల్ నా మీద రిపోర్టు రాశారు. నేను వేగంగా మాట్లాడతానట, పిల్లలకు అందడం లేదట. జవాబు రాసిమ్మన్నారు. నాకు ఒళ్లు మండింది. అయినా పెద్దాయన కదా అని తమాయించుకున్నాను. మన దగ్గర హెడ్మాస్టరుకు అర్జీ రాయాలంటే నమస్కారం పెట్టందే కలం కదలదు. అందుకని ప్రతి పేరాకూ ముందు ఒక దండం పెట్టాను. ‘విత్ రెస్పెక్ట్, నా వేగం మరీ ఎక్కువ కాదు.’ ‘విత్ ఆల్ డ్యూ రెస్పెక్ట్, మీరు నా క్లాసుకు ఒక్కసారే వచ్చారు.’ చివర మరింత వినయంగా, ‘విత్ ద గ్రేటెస్ట్ రెస్పెక్ట్, పిల్లల మార్కులు చూడండి.’ ఉత్తరం ఇచ్చేసి, ఎంత మర్యాదగా రాశానో అని మురిసిపోతూ ఇంటికొచ్చాను.

నకలు పెద్దమ్మకు చూపించాను. ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

“ఇచ్చేసినావా?”

“పొద్దున్నే ఇచ్చానండీ.”

“ఇది తిట్టు, పిల్లా. టై కట్టుకున్న తిట్టు. కోర్టులో లాయర్ జడ్జికి విత్ రెస్పెక్ట్ అంటే, నువ్వు తప్పు. ఆల్ డ్యూ అంటే, చానా తప్పు. గ్రేటెస్ట్ అంటే, నీకు బుర్ర లేదు. నేను థర్టీ ఇయర్స్ టైప్ చేసినా.”

నేను నమ్మలేదు. ఆవిడ అలమార మీంచి లావుపాటి డిక్షనరీ దించింది. ఎదుటివారితో విభేదించబోతున్నప్పుడో, తప్పుపట్టబోతున్నప్పుడో ముందుగా వాడే మాట అని అందులో స్పష్టంగా ఉంది. ఒక పేజీ ఉత్తరంలో మూడు సార్లు తప్పుపట్టాను, ఒక్కోసారికీ గొంతు పెంచుతూ.

ఆవిడ పేజీలు వెనక్కి తిప్పి ‘అఫ్రైడ్’ దగ్గర వేలు పెట్టింది. చేదు కబురును మర్యాదగా చెప్పేటప్పుడు కూడా వాడతారని అక్కడుంది.

“రేపు ఆయన ఇదే అంటాడు చూడు. భయమూ లేదు, గియమూ లేదు. అంతా డిసైడ్ అయినాక అంటారు. ఇంకేమైనా చెయ్యొచ్చంటే ‘చూస్తాను’ అంటారు. ఆ మాట వస్తే బతిమాలొద్దు.”

మర్నాడు క్షమాపణ చెప్పడానికి వెళ్లాను. ప్రిన్సిపాల్ మా పెద్దమ్మలాగే అక్కడే పుట్టి పెరిగిన భారతీయుడు. నా తెలివితక్కువతనం వివరిస్తే ఆయన నవ్వారు, నవ్వులో కోపం లేదు. పాత రోజుల్లో తెల్ల ఇన్స్పెక్టర్లకు ఆ మాట రాయని నెల లేదన్నారు. ఎదురు చెప్పడానికి మా చేతిలో ఉన్నది ఆ ఒక్క మాటే, అది పెడితే వాళ్లు ఉద్యోగం తీయలేకపోయేవారు అన్నారు. ఈ కుర్చీలోకి వచ్చాక అది తనకే వస్తుందని అనుకోలేదట. అందుకే చదవగానే మనసు చివుక్కుమని, నిన్న మధ్యాహ్నమే నా ఉద్యోగానికి మరొకరి పేరు సిఫారసు చేశారట.

“ఐ యామ్ అఫ్రైడ్, ఆ కాగితం వెళ్లిపోయింది” అన్నారు.

గొంతు దాకా వచ్చిన బతిమాలడాన్ని మింగేశాను. థాంక్స్ చెప్పి లేచాను. ఆయన మీద కోపం రాలేదు, నా మీదే వచ్చింది.

సాయంత్రం పెద్దమ్మ పళ్లెంలో అన్నం పెట్టి, “పని పోయింది కదా. తిను” అంది. ఏ మెత్తని మాటా తొడగని ఆ రెండు ముక్కలకే భోరుమన్నాను.

తర్వాత ఆవిడ ఫోన్లోంచి ఇంటికి చేశాను. మా ఆయన విని, పర్లేదులే అని పాపకిచ్చారు.

“అమ్మా, మేమెప్పుడొస్తాం అక్కడికి?”

“చూద్దాం నాన్నా” అన్నాను.

అటువైపు ఫోన్ చేతులు మారిన చప్పుడైంది. తర్వాత పాప వాళ్ల నాన్నతో అనడం వినిపించింది, “అమ్మ వద్దంది.”