షావుకారు ముడి

మా పెళ్లయిన నాలుగో ఏడు మావారు మెట్ట చేలో బావి తవ్వించారు. ఆ బావిలో మొదట పడింది నా కాసులపేరు. అంటే, జగ్గయ్యపేట షావుకారు దగ్గర తాకట్టు పెట్టి తవ్వించారు. పుట్టింటివాళ్లు పెట్టిన నగ కదా, ఈ సంగతి మా అమ్మకు మాత్రం చెప్పొద్దన్నాను. అడిగినప్పుడల్లా మెరుగుకు ఇచ్చానని చెప్పేదాన్ని. ఏడాదిన్నర పాటు మెరుగు పెట్టే కంసాలి ఎవరో ఆవిడ ఎప్పుడూ అడగలేదు.

బావిలో నీళ్లు పడ్డాయి, మిరప పండింది. ఇంతలో నందిగామలో మా తమ్ముడి పెళ్లి కుదిరింది. బోసిమెడతో పుట్టింటికి వెళ్లే ప్రసక్తే లేదని మావారికి చెప్పేశాను. ఆయన వెళ్లి అసలూ వడ్డీ అణాపైసలతో కట్టేశారు. షావుకారు ప్రోనోటు వెనక పూర్తి చెల్లు రాసి, సంతకం చేసి ఇచ్చాడు. నగ మాత్రం ఇవ్వలేదు. అవి రజాకార్ల రోజులు. నైజాం సరిహద్దు పక్కనే కాబట్టి పేటలో కలిగినవాళ్లు ఇంట్లో బంగారం ఉంచడం లేదు. షావుకారు కూడా కుదువ సరుకంతా నందిగామలో తన అల్లుడి కొట్టుకు పంపేశాడట. నగ విడిపించమని తన పేర అర్జీ రాసి, చెల్లు నోటు జతచేసి అక్కడ చూపిస్తే అల్లుడు ఇచ్చేస్తాడని చెప్పాడు.

మావారికి అర్జీ రాయమంటే పండగే. "మహారాజశ్రీ షావుకారు గారి సముఖమునకు" అని మొదలుపెట్టి, బాకీ యావత్తూ చెల్లించితిననీ, చెల్లు నోటు ఇందుతో జతపరచితిననీ, సదరు కాసులపేరు దయచేయించవలెననీ రెండు పేజీలు నింపారు. పెళ్లి శుక్రవారం తెల్లవారుజామున. మేము గురువారం మధ్యాహ్నం బొగ్గుతో నడిచే బస్సెక్కాం. దానికి ఎక్కడ ఊపిరి ఆడకపోతే అక్కడ ఆగింది. నందిగామలో దిగేసరికి పొద్దు వాలిపోతోంది.

అక్కడే వచ్చింది చిక్కు. దీపాలు పెట్టాక కొట్టువాళ్లు బంగారం గడప దాటనివ్వరు. మర్నాడు శుక్రవారం, అసలే ఇవ్వరు. లక్ష్మి లోపలికి రావడానికి లేని వారవర్జ్యాలు బయటికి పోవడానికి ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

అల్లుడు నెమ్మదైన మనిషి. అర్జీ అంతా చదివి, రాత ముత్యాల్లా ఉందని మెచ్చుకున్నాడు. మావారు మీసం సవరించుకున్నారు. తరవాత జతచేసిన కాగితం విప్పి చాలాసేపు చూశాడు.

"మా మావగారి సంతకం కూడా మీ రాతలోనే ఉందేంటండీ?" అన్నాడు.

అసలు నోటు పొలిమేర దాటితే పోతుందని మావారు దాన్ని ఇంట్లో దాచి, చెల్లు సంతకంతో సహా నకలు రాసి తెచ్చారు. నకలు చూసి నగలిస్తే రేపు మావగారికి ఏం చెప్పుకోవాలని అల్లుడు అడిగాడు. న్యాయమే. లోపల ఆయన భార్య దీపపు కుందిలో నూనె పోస్తోంది. మావారు చెమట తుడుచుకుంటూ నావైపు చూశారు. కాసేపు చూడనిచ్చాను. తరవాత రొంటిన దోపుకున్న అసలు నోటు తీసి గల్లాపెట్టె మీద పెట్టాను. ఆయన జాగ్రత్త సంగతి నాకు తెలుసు, అందుకే బయలుదేరేముందు పెట్టె వెతికాను.

ఇక అల్లుడు పరుగు మీద పని చేశాడు. నగ తెచ్చి, దానికి కట్టిన చీటీ మీది తూకంతో సరిచూసి, నగ ముట్టిందని మావారి చేత అర్జీ అడుగున సంతకం పెట్టించుకుని నా చేతిలో పెట్టాడు. నేను మెట్టు దిగుతుండగా వెనక దీపం వెలిగింది. సందు మలుపులోనే నగ మెళ్లో వేసుకుని, తలెత్తుకుని పుట్టింట్లో అడుగుపెట్టాను. చుట్టాలందరి ముందూ అటూ ఇటూ తిరిగాను కూడా.

అమ్మ వచ్చి జడ సవరిస్తానని గదిలోకి లాక్కెళ్లింది. నా మెడ వెనక పళ్లతో ఏదో పుటుక్కున కొరికింది. దారానికి వేలాడుతున్న చీటీ నా అరచేతిలో పెట్టింది. దానిమీద మావారి పేరు, నగ తూకం. సిగ్గుతో ఏడుపొచ్చింది.

"ఊరుకోవే. ఊళ్లో పెడితే తెలిసిపోతుందని మీ నాన్న కూడా పేటకే పోయేవారు," అంది అమ్మ. "ఈ కాసులపేరు నీకు పెట్టేముందు రెండుసార్లు విడిపించుకొచ్చాం. ఆ షావుకారు ముడి చేత్తో రాదు, కొరకాల్సిందే."