హద్దుల గుమాస్తా చేసిన తప్పు

కోర్టు ఆవరణలో ఆయన్ని అందరూ హద్దుల గుమాస్తా అంటారు. ముప్పై ఏళ్లుగా వకీలు దగ్గర దావాలు టైపు చేసీ చేసీ, ఊళ్లో సగం వీధుల సరిహద్దులు ఆయనకు నోటికి వచ్చేశాయి. అంతటి మొనగాడు తప్పు చేయాలంటే సొంత చెల్లెలి దావాలోనే చేయాలి కాబోలు!

మరిది ఆక్రమించుకున్న ఇల్లు తనదేనని, తిరిగి ఇప్పించమని చెల్లెలు వేసిన దావా అది. దాన్ని ఒక్కడే కూర్చుని టైపు చేశాడు, ఎవరినీ సరిచూడనివ్వలేదు. పాత దస్తావేజులో హద్దులు తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం వరసలో ఉన్నాయి. ఆఫీసు నమూనాలో తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం. ఈయన పక్కన దిక్కు పేరు చూడకుండా ఖాళీలు వరసగా నింపుకుంటూ పోయాడు. దక్షిణాన ఉన్న వీధి కాస్తా పడమటికి వెళ్లిపోయింది.

ఐదేళ్ల తర్వాత చెల్లెలు బోనెక్కిన రోజున ఆ తప్పు బయటపడింది.

"మీ ఇంటికి పడమర ఏముందమ్మా?" అన్నాడు మరిది తరఫు వకీలు.

"వడ్రంగి వాళ్ల గోడండీ."

"దావాలో వీధి అని రాశారే?"

చెల్లెలు అన్న వైపు చూసింది. ఆయన గబగబా దావా నకలు తిరగేశాడు.

"ఈ హద్దుల షెడ్యూలుతో డిక్రీ వచ్చినా కోర్టు అమీను వెళ్లి ఏ ఇల్లు ఇప్పిస్తాడయ్యా?" అని చెల్లెలి తరఫు వకీలు నెత్తి పట్టుకున్నాడు. దావా సవరణకు అర్జీ పెట్టారు. పొరపాటు తనదేనని గుమాస్తా ప్రమాణ పత్రం ఇచ్చాడు.

వాదనల రోజున అవతలి వకీలు వదల్లేదు. "హద్దులు తప్పని మా జవాబు దావా నాలుగో పేరాలోనే చెప్పాం. నాలుగేళ్లు ఊరుకుని, విచారణ మొదలయ్యాక వచ్చారు. ఇదేనా తగిన శ్రద్ధ?"

"ఆ పేరా ఎవరూ చదవలేదా?" అన్నారు జడ్జిగారు.

గుమాస్తా చేతులు కట్టుకుని లేచాడు. "చదివానండీ. జవాబు దావాల్లో ఆ వాక్యం మామూలుగా ఉండేదే. నేనే వందలసార్లు కొట్టాను. అందుకే నవ్వి పేజీ తిప్పేశాను."

హాలులో ఎవరూ నవ్వలేదు. ఉత్తర్వు వారానికి వాయిదా పడింది.  ఆ వారంలో ఆయన చెల్లెలు అద్దెకుంటున్న ఇంటి గుమ్మం దాకా వెళ్లి, తలుపు కొట్టే ధైర్యం లేక రెండుసార్లు వెనక్కి వచ్చాడు. నిలువ నీడ లేకుండా చేశానే అని కుళ్లి కుళ్లి ఏడ్చాడు.

చివరికి అర్జీ మంజూరైంది. దస్తావేజు దావాతోపాటే దాఖలైంది, తగువు ఏ ఇంటి గురించో ఇద్దరికీ తెలుసు, ఇది ఎత్తి రాయడంలో జరిగిన పొరపాటే అన్నారు జడ్జిగారు. ఖర్చులు కట్టి, పద్నాలుగు రోజుల్లో సవరించుకోమన్నారు. మరిదికి అదనపు జవాబు వేసుకునే వీలిచ్చారు.

ఆ మధ్యాహ్నమే గుమాస్తాల బల్ల దగ్గర ఎర్ర సిరా కలం తీశాడు. చెల్లెలు పక్కకొచ్చి కూర్చుని దస్తావేజు తన ముందుకు లాక్కుంది.

"నిన్నెవరు చదవమన్నారే? నాకు నోటికొచ్చు."

"వద్దన్నయ్యా," అందామె, మొదటి హద్దు మీద వేలుపెట్టి. "నేను చదువుతా. నువ్వు రాయి."

ఆయన తల వంచుకుని రాశాడు.