కోరిక ముక్క

అక్క ఇరవై రెండేళ్లుగా కోట్లు కుట్టే ఫ్యాక్టరీలో కాజాలు కుడుతోంది. తల్లి పోయాక తమ్ముణ్ణీ చెల్లెల్నీ ఆ కాజాల మీదే పెంచింది. ఇప్పుడు, నలభై ఒకటో ఏట, భార్య పోయిన తూకం కాటా దగ్గరి గుమాస్తా ఒకడు ఆమెను చేసుకుంటానని కబురు పెట్టాడు. ఈ సాయంత్రంలోగా జవాబు చెప్పాలి.

తల్లి పేకముక్కలతో జోస్యం చెప్పేది. ఆ విద్య చిన్నవాళ్లిద్దరికీ అబ్బింది, అరకొరగా. అరకొర విద్య కొంప ముంచడానికే పనికొస్తుంది.

అక్క దొడ్లో బట్టలు ఆరేస్తుండగా తమ్ముడు వంటింటి బల్ల మీద పేక తీశాడు. రెండు నుంచి ఆరు దాకా ముక్కలు పక్కన పెట్టేశాడు. మిగిలిన ముప్పై రెండింట్లోంచి ఆఠీను రాణిని తీసి మధ్యలో పెట్టాడు. అది అక్క. తక్కినవి తానే కలిపి, తానే ఎడంచేత్తో కోసి, రాణికి అటొకటి ఇటొకటి వేశాడు. ఎడమది జరిగిపోయినది, కుడిది జరగబోయేది. ఎడమన ఇస్పేటు ఏడు పడింది, అంటే దిగులు. కుడిన ఆఠీను తొమ్మిది. తల్లి దాన్ని కోరిక ముక్క అనేది. ముక్క నడిమి గుండె గుర్తు నిటారుగా ఉంటే కోరిక తీరుతుంది, తలకిందులైతే తీరదు.

"నిటారుగా ఉంది చూడు. దిగులు పోయింది, కోరిక తీరుతుంది. పెళ్లి చేసేద్దాం," అన్నాడు.

ఎదురుగా కూర్చున్న చెల్లెలికి ఆ గుండె తలకిందులుగా కనిపించింది. "ఇటు నుంచి చూడు అన్నయ్యా. కోరిక ఎడమన పడింది, అదీ తలకిందులుగా. ఎప్పుడో చచ్చిన కోరిక. రాబోయేది దిగులే."

"ముక్కలు వేసింది నేను."

"జోస్యం నీకు కాదుగా."

తమ్ముడికి పెళ్లయి ఆర్నెల్లు. అక్క గది ఖాళీ అయితే పుట్టింట్లో ఉన్న భార్యను తెచ్చుకోవచ్చు. చెల్లెలు రోజంతా అచ్చాఫీసులో కాళ్లు పీకేలా నిలబడి ఇంటికొచ్చేసరికి వంట సిద్ధంగా ఉంటుంది. అక్క లేని పొయ్యిని తలచుకుంటేనే ఆమెకు గుండె జారింది. అది ప్రేమే అనుకుంది. కొంత ప్రేమే కూడా.

అక్క తడిచేతులతో లోపలికొచ్చి బల్ల పక్కన నిలబడింది.

"ఎవరు కలిపారు?"

"నేనే," అన్నాడు తమ్ముడు.

"అమ్మ ఏం చెప్పేది? ఎవరి జోస్యమో వాళ్లే కలపాలి, వాళ్లే కోయాలి, వాళ్లు కూర్చున్న వైపు నుంచే చదవాలి. నన్ను కూర్చోమన్నారా?"

తమ్ముడు లేచి ఇచ్చిన కుర్చీలో అక్క కూర్చోలేదు.

"కలిపింది వాడు, కాబట్టి తీరేది వాడి కోరిక," అంది చెల్లెలితో. "తలకిందులైంది నీది."

చెల్లెలు సిగ్గుతో చితికిపోయింది. "మరి నీ కోరికేంటక్కా?" అంది. ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఇంతవరకు అడగలేదు.

అక్క రాణిని తీసి పేకలో కలిపేసింది. "ఇప్పుడు కొత్తగా ఏం కోరుకోను? ఆయనకు సరేనని చెప్పండి."

"అక్కడ దిగులేనేమో అక్కా," అంది చెల్లెలు.

"అయితే అవనీ. అక్కడా వంటిల్లే. కాకపోతే వాళ్లు పరాయివాళ్లు. నా కోరికేంటని వాళ్లు అడక్కపోయినా ఇంత బాధుండదు."