ఎద్దునై మాట్లాడిన రోజు

పంతొమ్మిది వందల నలభైల మొదట్లో నేను ఇటిక్యాలలో మూడో తరగతి చదువుతున్నాను. గద్వాలలో చిన్నపిల్లలకు వక్తృత్వ పోటీ పెట్టారు. మా పంతులుగారు ఎద్దు మీద ఉపన్యాసం రాసిచ్చారు. అన్నీ చిన్న వాక్యాలు, ప్రతి వాక్యానికీ ఒక అభినయం. "మాట మర్చిపోతే ఒళ్లే గుర్తుచేస్తది బిడ్డా" అన్నారు. మా నాయన బావి దగ్గర ఎద్దులతో మోట కొడుతూ, ఆ తోలు బొక్కెనతో పొలానికి నీళ్లు తోడుతుంటే, వాటి పక్కన నడుస్తూ దాన్ని కంఠస్థం చేశాను.

వేదికెక్కి సభకు నమస్కరించి గొంతెత్తాను.

"నేను ఎద్దును! నా మెడ మీద కాడి ఉంది!" అంటూ మెడ వంచాను. "నేను ముందుకు నడిస్తే, బావిలోంచి మోట పైకొస్తుంది!" అంటూ బరువు లాగుతున్నట్టు నడిచి, వేదిక అంచున ఆగాను.

తర్వాతి వాక్యం మాయమైంది! వంచిన మెడ ఎత్తే ధైర్యం లేదు.

అంతలో సభ వెనకనుంచి, నన్ను తీసుకొచ్చిన మా నాయన కేక: "హా... ఎన్కకు! ఎన్కకు రా!"

నా కాళ్లు వాటంతటవే వెనక్కి నడిచాయి. వాటితోపాటే మాటా వచ్చింది.

"నేను వెనక్కి నడిస్తే, మోట మళ్లీ నీళ్లలో మునుగుతుంది! మీ కంచంలో ప్రతి ముద్దా నా నడకే!"

చప్పట్లు ఆగకముందే న్యాయనిర్ణేత లేచారు. "ఎవరయ్యా మాట అందించింది? పోటీల అందియ్యొద్దని తెల్వదా?"

నాయన రుమాలు సర్దుకుని నిలబడ్డాడు. "పిల్లకు అందియ్యలే దొరా. ఎద్దును అదిలించిన."

సభ గొల్లుమంది. ఆయనా నవ్వేసి బహుమతి నాకే ఇచ్చారు.

ఇప్పుడు నా మనవరాలికి ఉపన్యాసం నేర్పాలన్నా, ముందు కాళ్లకే నేర్పుతాను.