అరవై ఏడో పూస

మా పెద్దమ్మ నలభై ఏళ్లుగా ఆవుల్ని సాకుతోంది. పొదుగు తాకి పాలెన్ని వస్తాయో చెప్పేస్తుంది, గిద్దెడు కూడా తేడా రాదు. అలాంటి మనిషి, పశువుల జన్యుపరీక్షలు చేసే మా ల్యాబుకి ఆవు తోక వెంట్రుకలు కాగితంలో మడిచి తెచ్చింది. అన్నీ కత్తెరతో కత్తిరించినవే!

"కుదుళ్లతో పీకాలి పెద్దమ్మా. పరీక్షకి పనికొచ్చేది కుదురే" అని విసుక్కున్నాను.

"దానికి నొప్పి పుట్టదూ?" అంది.

మర్నాడు పీకి తెచ్చింది. ఆ ఆవు పాలు ఏ1 రకమని తేలింది. ఆమె కూలబడిపోయింది. మనవరాలికి ఏడేళ్లకే షుగరొచ్చి రోజూ ఇన్సులిన్ సూదులు పడుతున్నాయి. ఏ1 పాల వల్లే వస్తుందని ఎవరో చెప్పారట. ఆ పిల్ల తాగి పెరిగింది ఈ ఆవు పాలే. రెండు నెలలుగా పెద్దమ్మ కూతురింటి గడప తొక్కలేదు.

"నా చేత్తోనే పోశానే," అంది.

నాకు ఒళ్లు మండింది, ఆమె మీద కాదు, ఆ చెప్పినవాళ్ల మీద. కాగితం మీద గీసి చూపించాను. పాలలో బీటా కేసిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. రెండు వందల తొమ్మిది పూసల దండ అనుకోమన్నాను. ఏ1కీ ఏ2కీ తేడా అరవై ఏడో పూస ఒక్కటే. ఏ1లో అక్కడ అరుగుదలప్పుడు దండ సులువుగా తెగి, ఏడు పూసల ముక్క ఎక్కువగా ఊడుతుంది. అది నల్లమందు తరహాలో పనిచేయగలదు. ఇంతవరకూ నిజమే.

"ఒక్క పూసకే ఇంతా!" పెద్దమ్మ నోరు తెరిచింది. చెబుతుంటే నాకూ ఒళ్లు జలదరించింది. ఇన్నేళ్ల పనిలో ఆ ఆశ్చర్యం నాకు పాతబడలేదు.

"మరి షుగరు?"

"ఏ1 పాలు ఎక్కువ తాగే దేశాల్లో ఆ జబ్బూ ఎక్కువుందని లెక్కలు చూపించారు. ఆ దేశాలకి ఇంకా వెయ్యి తేడాలున్నాయి పెద్దమ్మా. ఎలుకల మీద చేస్తే ఒకచోట అవునన్నారు, ఇంకోచోట కాదన్నారు. ఆ ముక్క మనుషుల రక్తంలోకి చేరి హాని చేస్తుందని ఎవరూ తేల్చలేదు. కొందరికి ఏ2 పాలతో కడుపుబ్బరం తగ్గినట్టు చిన్న పరీక్షల్లో కనిపించింది, అంతే. నిపుణులు అన్నీ వడగట్టి, జబ్బులకి ఇదే కారణమనడానికి ఆధారం చాలదన్నారు."

"అయితే నా వల్ల కాదంటావా?"

ఒట్టేసి చెప్పాలనిపించింది. కానీ ఆమెకి అబద్ధం చెప్పలేను.

"నీ వల్లే అనడానికి రుజువు లేదు. లేని రుజువుకి నువ్వు శిక్ష వేసుకుంటున్నావు."

ఆమె కాసేపు ఆ దండ బొమ్మ వంకే చూసింది. తర్వాత నా ఫోన్ తీసుకుని కూతురికి చేసింది. ఎత్తింది పిల్ల.

"అమ్మమ్మా! నాకు జబ్బొచ్చిందని నా దగ్గరకి రావట్లేదా?"

పెద్దమ్మ బల్ల అంచు పట్టుకుని లేచి, "వచ్చేస్తున్నా తల్లీ" అంటూనే తలుపు దాటింది. నా ఫోన్ కూడా ఆమె చేతిలోనే వెళ్లిపోయింది.