జరిమానా మాట తీసేసిన కాగితం

నా కథలు చెవిలో పువ్వులని ఊరంతా అంటుంది. ఈసారి మాత్రం తల్లి మీద ఒట్టు, ప్రతి అక్షరం నిజం.

పందొమ్మిది వందల నలభైల తొలి ఏళ్లలో నేను చేవెళ్ల సహకార సంఘంలో గుమాస్తాను. గడువు పెట్టి డబ్బు దాచుకున్నవారికి ఇచ్చే రసీదు వెనక ఒక షరతు ఉండేది: ‘గడువునకు పూర్వము సొమ్ము కోరువారు పాలకవర్గ సమ్మతికిని, జరిమానాకును బద్ధులు.’ జరిమానా ఎంతో రాయలేదు. మా వైపు జరిమానా అంటే తప్పు చేసినవాడు కచేరీలో కట్టేది.

మొయినాబాద్ నుంచి ఒక అవ్వ వచ్చింది. మిషన్ దవాఖానలో ఆయాగా చేసి కూడబెట్టిన మూడు వందలు మూడేళ్లకు దాచింది. రెండేళ్లు నిండాయి. మనవరాలి కాలికి చీము పట్టింది, పట్నంలో కోయించాలి.

షరతు చదివి వినిపించాను.

“నేనేం తప్పు చేసిన బిడ్డా, జరిమానా కట్టనీకి?”

“తప్పు కాదవ్వా, వడ్డీల జర కోత.”

“ఎంత?”

నాకూ తెలియదు. ఆమె రసీదు కొంగున ముడేసుకుంది. “బర్రెనే అమ్ముకుంట” అని వెళ్లిపోయింది.

కార్యదర్శి కిరాణా సేటు. ఆయనకు చెప్పాను.

“భయముంటెనే పైసలు నిలుస్తయ్. అందరొక్కసారే వస్తె పెట్టెల ఏముంటది?”

“భయపడి దాచుడే బంద్ చేస్తరు సేటూ.”

“నీ నోటికి కోర్టు చాలదు. రాయి, చూస్త.”

నేను రాసింది అంగడికి వచ్చినవాళ్లకు చదివి, తిరిగి చెప్పమన్నాను. తడబడిన చోటల్లా మార్చాను. నాలుగోసారికి నిలిచింది: ‘గడువుకు ముందే డబ్బు తీసుకోవచ్చు. అసలులో కోత లేదు. డబ్బు ఎన్నేళ్లు ఉందో, దాచిన రోజున అన్నేళ్లకున్న వడ్డీలో నూటికి ఏడాదికి ఒక రూపాయి తగ్గిస్తాము. మూడు నెలలలోపు తీస్తే వడ్డీ లేదు. రసీదు తిరిగి ఇచ్చి వేలిముద్ర వేయండి. పది రోజులలో ఇస్తాము.’

పాలకవర్గం ఒప్పుకుంది, పాత రసీదులకు కూడా. కాగితం పట్టుకుని సైకిల్ మీద మొయినాబాద్ వెళ్లి, అవ్వ ముందే లెక్క వేశాను. రెండేళ్లకు వడ్డీ నూటికి నాలుగు, కోత పోగా మూడు. చేతికి మూడు వందల పద్దెనిమిది. ఆమె భయపడిన జరిమానా ఆరు రూపాయలు.

వేలిముద్ర వేసింది. డబ్బు అందింది. పిల్ల నడిచింది. బర్రె కొట్టంలోనే ఉండిపోయింది.

ఒట్టు వేశాను కనుక చెప్పాలి. వేలిముద్ర, డబ్బు, బర్రె మిగలడం నేను కల్పించినవి. పాలకవర్గం నెలకొక్కసారే కూర్చునేది. నేను వెళ్లేసరికి బర్రెను కట్టే గుంజ ఒంటరిగా ఉంది. పిల్ల నడిచిన మాట నిజం, కానీ బర్రె అమ్మిన డబ్బుతో. అవ్వ కాగితం అంతా విని, తప్పులేకుండా తిరిగి చెప్పింది.

“మంచిగ సమజైంది బిడ్డా. గిదే మొదలు రాస్తె ఏమాయె?”

అందుకే ఇన్నేళ్లుగా ఆ బర్రెను కథలో మళ్లీ గుంజకు కట్టేస్తున్నాను.